నాలుగు ముద్దలు, మారిన పొద్దు

1979 ఆగస్టు పదో తేదీ, శుక్రవారం. ఆ రాత్రి పదిన్నర దాటినాక నేను తిన్నది రాగిసంగటి, చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి, గిన్నెడు వంకాయ పులుసు. పక్క వాటాలో ఉండే గంగులమ్మ మొగుడికి వడ్డించి, అదే వేడిమీద నాకూ ఒక గిన్నె పంపింది. నా భార్య చంద్రకాంతమ్మ పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి నాకు తిండికి వేళంటూ లేదు. ఆకలైనప్పుడు తినేవాణ్ణి, లేకుంటే ఎవరైనా పెట్టినప్పుడు. ఆ రాత్రి గిన్నె కడిగి తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడే గురప్ప సంగతి తెలిసింది.

గురప్ప తిరుమల కొండకు బస్సు నడిపే డ్రైవరు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకూ డ్యూటీ. ఆ ఘాట్ మలుపుల్లో పద్నాలుగేళ్ళుగా ఒక్క గీత కూడా పడకుండా బండి నడిపిన మనిషి. ఆ రాత్రి కంచం ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా గురప్పా, సంగటి చల్లారిపోతాంది," అన్నాను.

"సారూ, డాక్టరు నా ఒంట్లో చక్కెర ఉండాదన్నాడు. నెల గడువిచ్చినాడు. నెల్లోపల తగ్గితే సరే. లేదంటే మాత్రలేసుకోవాలంట. మాత్రలేసుకునేవాడికి తిండి కాస్త ఆలస్యమైతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగతాయంట. అట్లాంటోణ్ణి కొండమీదికి పంపరు. డిపోలో కూర్చోబెడతారు."

"డిపోలో కూర్చుంటే ఏమైతాది?" అని అడిగి, వెంటనే నాలిక కరుచుకున్నాను.

"కూర్చున్నోడు డ్రైవరెట్లవుతాడు సారూ?"

నేను కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. అడగని సలహా ఇవ్వడం మా వృత్తిదోషం. "చాలా సులభం. తిండి తగ్గించు. రాత్రి తిన్నా పగలు తిన్నా మొత్తం ఎంత తిన్నావో అదే లెక్క. కడుపులో గడియారం ఉండదు," అని చెప్పాను.

గంగులమ్మ పొయ్యిదగ్గర నుంచి తల తిప్పింది. "తగ్గించమంటే నాకు దిగులుగా ఉండాది సారూ. ఈయన తినేదే నాలుగు ముద్దలు. మధ్యాన్నం ఒకటి, రాత్రి మూడు. పొద్దున కాపీ తాగి ఊరుకుంటాడు. డ్రైవరు కాకముందు పొలంలో ఉన్నప్పుడు ఇదే నాలుగూ తినేవాడు, కానీ పొద్దున్నే, మధ్యాన్నం తినేవాడు. అప్పుడు లేని చక్కెర ఇప్పుడెందుకొచ్చిందో?"

"వయసు," అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. సంగటి కుండకు మూతపెట్టింది.

మరునాడు కాలేజీ ల్యాబు నుంచి నీలంరంగు బెనెడిక్ట్ ద్రావణం, ఒక పరీక్షనాళిక, స్పిరిట్ దీపం తెచ్చాను. మూత్రంలో చక్కెరుందో లేదో తెలుసుకోవడానికి ఇది చాలు. అయిదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కలు వేసి మరగబెట్టాలి. చక్కెర లేకుంటే నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుకరంగు. గురప్ప సిగ్గుపడుతూ తెల్లారి లేవగానే పట్టిన సీసా ఇచ్చాడు. మరగబెట్టాను. నారింజరంగు వచ్చింది.

"చూశావా? పరగడుపున కూడా ఇంత ఉంది," అన్నాను పెద్దగా తెలిసినవాడిలా.

గంగులమ్మ నాళికకేసి చూసింది. "ఇది ఇప్పటిదా సారూ? రాత్రంతా ఒంట్లో నిలవుండిన నీళ్ళు గదా ఇవి. ఇప్పుడేముందో దీనిలో యాడ తెలుస్తాది? ఒకసారి పోసేసి, గ్లాసుడు నీళ్ళు తాగి, అర్ధగంట ఆగి ఇంకోసారి పట్టమనండి."

ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్న నాకు ఆ మాట తట్టనే లేదు. అర్ధగంట ఆగి పట్టిన రెండో సీసా లేత ఆకుపచ్చకు తిరిగింది, అంతే. అంటే తెల్లారే వేళకు చక్కెర దిగిపోతోంది, రాత్రిపూటే కూడుకుంటోంది. కాస్త తర్వాత పుస్తకాల్లో వెతికితే, డాక్టర్లు నిజంగా అలాగే రెండోసారి పట్టిన దాన్నే నమ్ముతారని రాసి ఉంది. ఆమె బడి మొహం ఎరగదు. నా చేతిలోని నాళిక కంటే ఆమె ఆలోచన శుభ్రంగా ఉంది.

"మరి రాత్రి మూడు ముద్దలే కదా తిన్నాడు?" అన్నాను. "పగలు మూడు తింటే అంతే ఎక్కుతుంది."

"సూద్దాం," అంది.

గురప్పకు సెలవు రోజున మధ్యాహ్నం మూడు ముద్దలు పెట్టింది. రెండు గంటల తర్వాత, ముందు ఒకసారి ఖాళీ చేయించి, పట్టింది పసుపురంగుకు వచ్చింది. మరో రోజు రాత్రి అదే మూడు ముద్దలు, అదే కూర, అదే గిన్నెతో కొలిచి పదిన్నరకు పెట్టింది. పన్నెండున్నరకు మొగుణ్ణి లేపింది. "ఏమే, కొంపలంటుకున్నాయా?" అని గొణుగుతూ లేచాడు. నాళిక ఇటుకరంగయింది. అదే ముద్ద, అదే మనిషి. కడుపులో గడియారం ఉండదన్న నా మాట ఆ రంగు ముందు నిలవలేదు.

గురప్పకు మాత్రం మరో ఉపాయం తోచింది. "ఆఖరి మూడు దినాలు పస్తుంటా. డాక్టరు చూసేటప్పుడు చక్కెర ఉండదు."

"డాక్టర్ని మోసం చేస్తావు మామా. నలభై మందిని కూర్చోబెట్టుకుని మలుపు తిప్పేటప్పుడు ఆ కొండ మోసపోతాదా?" అంది గంగులమ్మ.

అప్పుడు ఆమె తన పద్ధతి చెప్పింది. రోజుకు నాలుగు ముద్దలే. ఒక్కటి తగ్గేది లేదు, పెరిగేది లేదు. పొద్దున ఎనిమిదికి ఒకటిన్నర, మధ్యాహ్నం డ్యూటీకి ముందు ఒకటిన్నర, సాయంత్రం ఆరున్నరకు ఒకటి. రాత్రి ఇంటికొచ్చాక గ్లాసుడు మజ్జిగ, అదీ ఉప్పు వేసినది.

"గంగులమ్మా, తిండి కూడా కాస్త తగ్గిస్తే ఇంకా త్వరగా దిగుతుంది కదా?" అన్నాను.

"రెండూ ఒకేసారి మారిస్తే ఏది మంచిదో ఎట్ల తెలుస్తాది సారూ? మా నాయన బావిలో నీళ్ళు తగ్గినప్పుడు ముందు పక్కచేను మోటారు ఒక్కటే ఆపించి చూసినాడు. తగ్గుడు ఆగింది. తప్పు కరువు మీదికి నెట్టలేదు."

నాకు గట్టిగా నవ్వొచ్చింది. ఆ నవ్వు గౌరవంతో వచ్చిందని ఆమెకు తెలుసో లేదో.

సాయంత్రం ముద్ద ఎలా తినడం అన్నదే చిక్కు. ఆ వేళకు గురప్ప బండి కొండ కింద అలిపిరిలో పదిహేను నిమిషాలు ఆగుతుంది. గంగులమ్మ రోజూ క్యారియర్ తీసుకుని నడిచి వెళ్ళేది. ఒక్కోసారి నేనూ వెళ్ళాను. యాత్రికులు మెట్లకు దండం పెట్టి ఎక్కుతుంటే, పక్కన రాతిగట్టు మీద గురప్ప ఒక ముద్ద తినేవాడు. కొండమీదికి వెళ్ళేముందు పొట్ట బరువుగా ఉంటే నిద్రొస్తుందని భయపడ్డాడు కాని, ఒక ముద్దకు నిద్ర రాలేదు. కండక్టర్ ఓబయ్య రోజూ వేళాకోళం చేసేవాడు.

"అన్నా, పెళ్ళైన ఇరవై ఏండ్లకు సద్ది మోసుకొచ్చే పెండ్లాం. స్వామికి కూడా ఈ భాగ్యం లేదు, నైవేద్యం పూజారి తెస్తాడు."

"నోరు మూసుకోరా. నీకూ ఒక ముద్ద పెట్టమంటావా?" అనేది గంగులమ్మ.

"వద్దక్కా, నా చక్కెర నా దగ్గరే ఉండనీ."

మొదటి వారం కష్టంగా గడిచింది. రాత్రి ఇంటికి వచ్చేసరికి అలవాటైన ఆకలి గురప్పను పీక్కుతినేది. ఒకనాడు ఊరిబిండి గిన్నె తీసుకుని తిన్నాడు. తెల్లారి నాళిక పసుపు దగ్గరే ఆగిపోయింది. గంగులమ్మ తిట్టలేదు. ఆ నాళికను అతని ఎదుట పెట్టి, "నువ్వే సూడు మామా," అంది. అంతే. ఆ తర్వాత మజ్జిగే చాలని ఒప్పుకున్నాడు. రెండో వారానికి ఆకలి కూడా తన వేళ మార్చుకుంది. పొద్దున్నే కడుపు అడిగేది. నేను నోటుపుస్తకంలో ప్రతిరోజూ తెల్లారి మొదటి సీసాకు వచ్చిన రంగు రాసుకున్నాను. నారింజ, పసుపు, పసుపు, ఆకుపచ్చ, ఆకుపచ్చ. మూడో వారంలో నీలం వచ్చింది. రంగు మారని నీలం అంత అందంగా ఉంటుందని నాకు ల్యాబులో ఎప్పుడూ తోచలేదు.

సెప్టెంబరు రెండో వారంలో డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన గురప్పను తూచాడు. డెబ్భై ఒక్క కిలోలు, నెల కిందటి అంకే. రక్తం పరగడుపున ఒకసారి, తిండి తిన్న రెండు గంటలకు ఒకసారి తీశాడు. ఫలితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బరువు తగ్గలేదు. చక్కెర తగ్గింది. ఏం చేశావయ్యా?"

"తిండి తగ్గించలా సారూ. పొద్దు మార్చినా."

డాక్టరు నా నోటుపుస్తకం మొత్తం తిరగేశాడు. "బరువు సంగతి వేరు. అది మొత్తం తిండిని బట్టే ఉంటుంది. చక్కెర సంగతి వేరు. ఉదయం ఒంటికి చక్కెరను సర్దుకునే శక్తి ఎక్కువ, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. ఇటీవల చేసిన పరిశోధనల్లో ఒకే చక్కెర నీళ్ళు తాగించినా, పొద్దున కంటే సాయంత్రం రక్తంలో చక్కెర ఎక్కువ ఎక్కడం చూశారు. పైగా తిని వెంటనే పడుకుంటే అది ఖర్చయ్యే దారి కూడా ఉండదు. ఒక్క మనిషిని చూసి అందరికీ ఇదే అని నేను చెప్పలేను. మీ ఇంట్లో మాత్రం రుజువైంది."

తర్వాత గంగులమ్మ వైపు తిరిగి, "ముద్దల లెక్క మారనీకుండా పట్టిందెవరు?" అన్నాడు.

"నేనే సారూ. తప్పా?"

"తప్పా! మా కుర్ర డాక్టర్లకు ఈ మాట నేర్పడానికి నాకు ఏడాది పడుతుంది," అని చీటీ మీద, మాత్ర అవసరం లేదు, ఘాట్ డ్యూటీకి యోగ్యుడు, ఆరు వారాలకు మళ్ళీ రావాలి అని రాశాడు. గురప్ప ఆ చీటీని మూడుసార్లు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక భార్యను చూసి ఏదో అనబోయాడు. ఆమె చేతిలోని సంచి తీసుకుని తానే మోశాడు. వాళ్ళ పెళ్ళైనప్పట్నుంచి ఇదే మొదటిసారని గంగులమ్మ ఆ తర్వాత నవ్వుతూ నాకు చెప్పింది.

ఆ సాయంత్రం నుంచి, ఆమె అలిపిరికి బయల్దేరేముందే నాకు కూడా గిన్నె వచ్చింది. "మీరు కూడా సారూ. ఒక్కరే అయినా వేళ ఉండాల," అంది. నేను వెంటనే కంచం ముందు కూర్చున్నాను.

రాత్రి పది దాటినాక గురప్ప ఆఖరి ట్రిప్పు ముగించి వచ్చినట్టు చెప్పుల చప్పుడు వినబడింది. గ్లాసులో మజ్జిగ పోసిన శబ్దం, ఒకే గుక్కలో తాగిన శబ్దం. "ఇంకేమన్నా కావాలా మామా?" "చాలు." లాంతరు వెలుగు మా గోడ మీద సన్నగిల్లింది. ఎవరి నిద్రా చెడకుండా గంగులమ్మ తలుపు మెల్లగా మూసి గడియ వేసింది.