సంకల్పం దగ్గర ఆగిన వ్రతం

మంగతాయారు విదేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో ఉన్న కొడుకింటికి వచ్చి నెల దాటింది. కొడుకు దాసు వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తాడు. కోడలు సాయిప్రియ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతోంది. పక్కగదిలో నరసాపురం నుంచి నర్సింగ్ చదవడానికొచ్చిన ప్రిస్సిల్లా ఉంటుంది. దాసుకి పెళ్లయి మూడేళ్లు గడిచాయి, ఇంకా పిల్లల్లేరు. అందుకే ఈసారి వరలక్ష్మీ వ్రతం కోడలి చేత దగ్గరుండి చేయించాలని మంగతాయారు పట్టుబట్టింది. వ్రతం పడే శుక్రవారం గుడి పంతులుగారికి ఖాళీ లేదన్నారు.

"పుస్తకం చూసి నేనే చేయిస్తాలే," అంది మంగతాయారు.

"వచ్చే శుక్రవారం పెట్టుకుందామా అత్తయ్యగారూ? శ్రావణంలో ఏ శుక్రవారమైనా చేసుకోవచ్చట కదా," అంది సాయిప్రియ.

"పౌర్ణమి ముందు శుక్రవారం ఉండగా తర్వాతిదెందుకు? పైగా బుధవారం నా ప్రయాణం."

ఆ రోజు నుంచే మంగతాయారుకి కోడలి మీద ఏదో అనుమానం. సాయిప్రియ, ప్రిస్సిల్లా వంటింట్లో గుసగుసలాడేవారు, తను వెళ్తే ఆపేసేవారు. ఒక సాయంత్రం ఇద్దరూ మందులషాపు సంచీతో వచ్చారు. "అత్తయ్యగారికి తెలియనివ్వకు," అన్న మాట గోడ అవతలి నుంచి స్పష్టంగా వినబడింది.

శుక్రవారం సాయిప్రియకి రెండింటి దాకా క్లాసు. పొద్దున కుదరదు. ఇక్కడి సూర్యోదయం లెక్కన రాహుకాలం పదకొండు నుంచి పన్నెండూ ఇరవై అని దాసు ఫోన్‌లో చూసి చెప్పాడు. ఇక్కడిప్పుడు చలికాలం, అయిదూ నలభైకే పొద్దుగూకుతుంది కాబట్టి ప్రదోషవేళే పూజ అని తేల్చుకున్నారు.

మామిడాకులు దొరకలేదు. ఇండియన్ షాపు నుంచి తెచ్చిన తమలపాకులే కలశానికి పెట్టింది మంగతాయారు. కొబ్బరికాయ సూపర్‌మార్కెట్‌ది, పిలక లేదు. మూడు కళ్లూ చూసి ఏ వైపు పైకి రావాలో నిర్ణయించి పసుపు రాసింది. కార్పెట్ మీద స్టీలు పళ్లెం పెట్టి దీపం కుందులు అందులో ఉంచింది. పొగకి అలారం మోగుతుందని అగరొత్తులు కిటికీ దగ్గరే వెలిగించాలన్నాడు దాసు.

తోరాలకి దారం తక్కువైంది. దారపు ఉండ కోసం కోడలి సొరుగు తీసిన మంగతాయారు చేతికి ఒక మాత్రల అట్ట తగిలింది. సగం మాత్రలు వాడేసి ఉన్నాయి. పిల్లలు పుట్టకుండా మింగుతోందన్నమాట! పైకేమో వ్రతం! అట్ట కొంగులో ముడివేసుకుని దారపు ఉండతో బయటికొచ్చింది. తొమ్మిది పోగులు పేని తొమ్మిది ముడులు వేసింది.

పొద్దుగూకాక సాయిప్రియ తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. దాసు పక్కన కూర్చున్నాడు. ఆచమనమయింది. మంగతాయారు సంకల్పం చెప్పసాగింది. "సత్సంతాన సౌభాగ్య..." అనేసరికి ఆగిపోయింది.

"ఏమైంది అత్తయ్యగారూ?"

మంగతాయారు పుస్తకం మూసి, కొంగుముడి విప్పి, అట్టని పీట ముందు పడేసింది.

"సంతానం కావాలని అమ్మవారిని అడగమంటున్నాను. ఇవి మింగుతూ ఆ మాట అనగలవా?"

సాయిప్రియ ముఖం పాలిపోయింది. దాసు అయోమయంగా ఇద్దర్నీ చూశాడు.

"అవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి కాదు," అంది సాయిప్రియ. "నెలసరి వాయిదా వేసే మాత్రలు. నిన్నటికి రావాలి. డాక్టర్ని అడిగి తెచ్చుకున్నాను. అందుకేగా వచ్చే శుక్రవారం చేద్దామన్నాను! ఎందుకని మీరు అడగలేదు. మీ ముందు, ఆయన ముందు చెప్పడానికి నాకు సిగ్గేసింది."

గది తలుపు తీసుకుని ప్రిస్సిల్లా వచ్చింది. "నిజమే ఆంటీ. డేట్‌కి మూడ్రోజుల ముందు స్టార్ట్ చేసి, డైలీ త్రీ టైమ్స్ వేసుకోవాలి. తలనొప్పి, వికారంతో క్లాస్‌కి వెళ్లింది ఈ వారమంతా. ఆపేయమన్నా వినలేదు."

మంగతాయారు మళ్లీ అట్ట చేతిలోకి తీసుకుని దాని మీది సన్నటి ఇంగ్లీషు అక్షరాలు చూసింది. ఒక్కటీ అర్థం కాలేదు. ఇంతసేపూ తను చదివాననుకున్నది తన అనుమానాన్నే.

"అడగాల్సింది నేను. పూజ వారం ఆగితే అమ్మవారు కాదనేది కాదు. ఈ ఒక్కసారికి చేసేద్దాం, ఇంకెప్పుడూ ఇలా చేయకమ్మా."

సంకల్పం మొదటి నుంచి చెప్పింది. పసుపు గణపతి, కలశం, అష్టోత్తరం అయ్యాయి. తోరగ్రంథి పూజ చేసి కోడలి కుడిచేతికి తోరం తనే కట్టింది. చారుమతి కథ చదువుతుంటే సాయిప్రియ అక్షతలు పట్టుకుని నిద్రమత్తుగా విన్నది. బూరెలు నైవేద్యం పెట్టారు.

హారతి అయ్యాక మంగతాయారు ప్రిస్సిల్లాకి ప్రసాదం ప్లేటు అందించబోయింది. ఆ అమ్మాయి తటపటాయించింది. "పూజలో పెట్టినవి మేము తినం ఆంటీ. ఏమనుకోకండి."

మంగతాయారు మనసు చివుక్కుమంది. కానీ వెంటనే వంటింట్లోకెళ్లి, మిగిలిన పూర్ణం ఉండలని పిండిలో ముంచి, మూకుడులో వేసింది. అయిదు బూరెలు వేరే డబ్బాలో పెట్టి తెచ్చింది.

"ఇవి పూజలో పెట్టలేదు. ఇప్పుడే వేయించాను. తినమ్మా," అంది.