దారానికందని వెంట్రుకలు

తాయారు నొసలు చిన్నది. జుట్టు కనుబొమల మీదికి దిగిపోయి, ఎడమవైపు మరీ కిందికి జారి ఉండేది. అంతమాత్రానికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. నొసలు చిన్నదైతే మొగుడికి కలిసిరాదని ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మహానుభావుడికి ఆడపిల్లలు ఉండి ఉండరు.

తల్లి గున్నమ్మ ఊరుకునే మనిషి కాదు. రాజాంలో నారాయణమ్మ అని ఒకావిడ ఉందని విని, కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. నారాయణమ్మ మూడు నాలుగేళ్ళ కిందట మొగుడితో రంగూన్ నుంచి తిరిగొచ్చి, రవికలు కుట్టుకుని బతుకుతోంది. రంగూన్‌లో ఉన్నప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళ దగ్గర దారంతో వెంట్రుకలు లాగడం నేర్చుకుంది.

ఆవిడ తాయారుని వెలుగులో కూర్చోబెట్టి, కాటుక పుల్లతో నొసటి మీద సన్నగా గీత గీసింది. గీతకి కింద పౌడరు అద్దింది. కుట్టు దారం ఒక కొస పళ్ళ మధ్య కరిచిపట్టి, మిగతాది వేళ్ళకి మెలివేసింది.

"ఒక సేత్తో తోలు పైకి లాగి పట్టుకో, రెండో సేత్తో కిందికి. వదిలీకు" అంది తాయారుతో.

మెలిక జరిగినప్పుడల్లా వెంట్రుకలు వరసగా కుదుళ్ళతో ఊడివచ్చాయి. తాయారు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నూగు జుట్టు పోయి గీత దాకా నొసలు తేలింది. గున్నమ్మకి అది చాలలేదు.

"ఇంకో ఏలెడు తీసీ, నారాయణమ్మా."

"వద్దప్పా. గీత దాటితే ఒత్తు జుట్టే. లాగితే పొక్కులొస్తాయి. నెల తిరిగీసరికి మళ్ళీ మొలిసేస్తాది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నెల నెలా లాగించుకోవాలి మరి."

"పెళ్ళవనీ. తరవాత సంగతి తరవాత సూద్దాం."

మంచి మనుషులు మొహమాటానికి చేసే చెడు ఇంతా అంతా కాదు. నారాయణమ్మ గీత దాటి ఇంకో వేలెడు మేర లాగేసింది. వెళ్ళేటప్పుడు తాయారుకి చల్లనీళ్ళ గుడ్డ వేసుకోమని, బ్లేడు మాత్రం ముట్టుకోవద్దని చెప్పింది.

నొసటి ఎరుపు తగ్గాక భోగాపురం వైపు నుంచి పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి జగ్గమ్మ పిల్ల నొసటి మీద వేళ్ళు ఆనించి కొలిచి, తృప్తిగా తలాడించింది. ముహూర్తానికి ముందు ఇంకోసారి లాగించారు. పెళ్ళయింది. తాయారు అత్తారింటికి వచ్చేసింది.

మొగుడు కొండబాబు మంచివాడే. తల్లి ముందు మాత్రం నోరు లేదు. తాయారుకి ఆ ఇల్లు నచ్చింది, కొండబాబు ఇంకా నచ్చాడు. అక్కడే ఉండిపోవాలని ప్రాణంగా కోరుకుంది.

నెల తిరగకుండానే నొసటి మీద మొలకలు లేచాయి. రాజాం వెళ్తానంటే ఎందుకని అడుగుతారు. భయపడిపోయి, మొగుడి గడ్డం బ్లేడు తీసుకుని పెరట్లో దాక్కుని గొరిగేసుకుంది. నున్నగా అయింది. మర్నాటికి గరగరలాడింది. మళ్ళీ గొరిగింది.

శనివారం జగ్గమ్మ కోడలి తలకి నూనె పెట్టడానికి కూర్చుంది. చెయ్యి నొసటి దగ్గరే ఆగిపోయింది.

"ఇదేటే? గొరిగినావేటి?"

తాయారు నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కడే కూర్చున్న జగ్గమ్మ చెల్లెలు లక్ష్మణమ్మ దగ్గరికొచ్చి తడిమి చూసింది. ఆవిడకి తెలియని సంగతి ఆ ప్రాంతంలో జరగదు.

"అప్పా, మా ఊర్లో ఒక పిల్లకి పిచ్చెక్కితే ఇలాగే ముందర జుట్టు గొరిగీసి పసరు పట్టించినారు. ఇది పిచ్చి మందు రాసిన తలే. దాసిపెట్టి మనకంటగట్టినారు."

"నేదత్తా! నా నొసలు సిన్నదని మాయమ్మ దారంతో లాగించినాది. మళ్ళీ మొలిస్తే భయపడి నేనే గొరుక్కున్నాను."

"దారంతోటి జుట్టు పీకుతారేటి ఎక్కడైనా?" అని లక్ష్మణమ్మ నవ్వింది. "సూసినావా అప్పా, ఆ మాటల వరస."

కబురు వెళ్ళింది. గున్నమ్మ గుండెలు బాదుకుంటూ నారాయణమ్మని తీసుకొచ్చింది. వాకిట్లో ఆడవాళ్ళు మూగారు. నారాయణమ్మ తాయారు నొసలు వేలితో రాసి చూసి నిట్టూర్చింది.

"బ్లేడు పెట్టీసినావా, తల్లీ? ఇంత పొట్టి ఎంటికలు దారానికందవు."

అయినా జనం కోసం ప్రయత్నించింది. మెలిక వట్టి చర్మం మీద జారిపోయింది. నొసలు కందింది గానీ ఒక్క వెంట్రుకా రాలేదు. లక్ష్మణమ్మ చేతులు దులుపుకుంది.

"బియ్యపు గింజలో సగం పెరగనీండి" అని నారాయణమ్మ బతిమాలింది. "రెండు వారాలాగి మళ్ళీ వస్తాను. అప్పుడూ ఎంటికలు రాకపోతే పంపించీండి పిల్లని."

జగ్గమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని కోడల్ని ధాన్యం కొట్లో పెట్టింది. కత్తిపీట దాచేశారు. పిల్లల్ని అటు వెళ్ళనివ్వలేదు. కంచం గడప దగ్గర పెట్టి పోయేవారు.

పిచ్చి లేదని ఎలా చూపించాలో తాయారుకి తెలియలేదు. నవ్వితే లక్ష్మణమ్మ జగ్గమ్మని మోచేత్తో పొడిచేది. మాట్లాడకపోతే అదిగో మళ్ళీ వచ్చిందనేవారు. ఒక మధ్యాహ్నం కొండబాబు కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏడవకే. అమ్మ సూస్తంది" అన్నాడు.

"నువ్వేటనుకుంతన్నావు?"

వాడు వెనక్కి తిరిగి వాకిలి వంక చూశాడు. తల్లి గొంతు వినపడగానే వెళ్ళిపోయాడు. తాయారుకి ఏడుపు తన్నుకొచ్చింది. పైట నోట్లో కుక్కుకుని మింగేసింది. ఆ రోజు నుంచి ఏడవకుండా ఉండడమే ఆమెకి పని అయింది.

నారాయణమ్మ అన్నట్టే వచ్చింది. వాకిలంతా జనం. తాయారు నొసటి మీద జుట్టు ముళ్ళలా నిలబడి, కనుబొమల దాకా తన సొంత హద్దు చూపిస్తోంది. నారాయణమ్మ పౌడరు అద్ది, దారం మెలివేసి, కుడివైపు నుంచి లాగింది. వెంట్రుకలు వరసగా తెల్లటి కుదుళ్ళతో వచ్చి పౌడరు మీద రాలాయి. జగ్గమ్మ వంగి ఒకటి వేలితో తీసి వెలుగుకి పెట్టి చూసింది.

"నిజమేనే" అంది, లక్ష్మణమ్మ వంక చూడకుండా. "సరే, మిగతాది కూడా లాగించీసుకుని, మొహం కడుక్కుని లోనికి రా. నెల నెలా నారాయణమ్మే ఇక్కడికి వస్తాది. నొసటి సంగతి ఇంకెవులికీ సెప్పద్దు."

నారాయణమ్మ ఎడమవైపుకి దారం తిప్పింది. తాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సాలు పిన్నీ. తీసీకు."

సగం నున్నగా, సగం గరుగ్గా ఉన్న నొసటితో లేచి నిలబడి, అంతమందిలోనూ గొంతెత్తి ఏడ్చింది. గున్నమ్మ పరుగెత్తుకొచ్చి నోరు మూయబోయింది. తాయారు ఆ చెయ్యి తోసేసింది. గుమ్మంలో కొండబాబు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. జగ్గమ్మ మొహం పాలిపోయింది.

"ఇప్పుడేటయిందే? పిచ్చి నేదని తేలిపోనాది కదా, ఎందుకేడుస్తన్నావు?"

"తేలకముందు ఏడిస్తే పిచ్చనీసేవోరు గదత్తా" అంది తాయారు. "అన్నాళ్ళది ఇప్పుడేడుస్తన్నాను. ఏడుపయినాక లోనికి రావాలో వద్దో నేను సెప్తాను."

వాకిలి మధ్యలో చతికిలబడి, మళ్ళీ మొదలుపెట్టింది.