కాలర్ తిప్పిన పోస్టుకు జవాబు

రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ముసలి కంటికి సూదిలో దారం ఎక్కినంత నిదానంగా అక్షరాలు నా చేతికి ఎక్కాయి. కథ మాత్రం చిన్నదే.

బజారులో పాతబట్టలు బాగుచేసే కుట్టు దుకాణం ఒకటుంది. అందులో ఇద్దరే పనివాళ్ళు. కాజాలు కుట్టి బొత్తాలు వేసే ఆయనను అందరూ కాజాలాయన అంటారు. మిగతా కుట్టంతా సూదత్తయ్యది. మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆవిడకు చదువు అక్కర్లేకపోయింది. బస్సు మీద బోర్డయినా, మందుసీసా మీద చీటీ అయినా ఆయనే పైకి చదివి వినిపించేవాడు. ఆయన పోయాక ఇంట్లో గోడలు తప్ప పలికేవాళ్ళు లేరు, అవి కూడా పక్కవాళ్ళు మేకు కొట్టినప్పుడే పలికేవి. అప్పుడు సాయంత్రం బడికి వెళ్ళి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు ఇరికించుకుని అక్షరాలు నేర్చుకుంది. ఫోనులో కుట్టుపనివాళ్ళ గుంపులో చేరి అందరూ రాసేవి ఓపిగ్గా చదివేది. తను మాత్రం ఏమీ రాసేది కాదు.

ఎట్టకేలకు ఒకటి రాసింది. అరిగిన చొక్కా కాలరును విప్పి, కిందివైపు పైకి తిప్పి మళ్ళీ ఎలా కుట్టాలో చెప్పే పోస్టు. ఉదాహరణకు మొగుడి నీలం గళ్ళ చొక్కా ఫోటో పెట్టింది. ఎవరి చొక్కా అని మాత్రం రాయలేదు. ఆ నాలుగు వాక్యాలకు ఆదివారమంతా పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో బేరాల్లేని వేళ ఫోను తెరిచింది. పోస్టు కింద ఒకే ఒక్క కామెంటు. రాసినవాళ్ళ పేరు ‘పాత మిషను’.

“ఇలా తిప్పితే కాలర్ బిగువుకు లోపల అతికించిన బక్రం గుడ్డ బుడగలు లేస్తుంది. కాలర్ పాడవుతుంది. తెలిసీ తెలియక రాయడం దేనికి? అయినా అంత అరిగిన గుడ్డను పారేయక ఎందుకీ తిప్పలు?”

కూడబలుక్కుని చదివింది. ‘పారేయక’ దగ్గర వేలు ఆగిపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది. కాజాలాయన కళ్ళజోడు దించి చూశాడు.

“ఏంటక్కా, నిప్పు తొక్కినట్టున్నావు?”

ఫోను చేతికిచ్చింది. ఆయన చదివి చప్పరించాడు.

“వీడెవడో గానీ వీడి నోటికి నాలుగు కాజాలు కుట్టి బొత్తాలు పెట్టాలి. ఊరుకోకు. గట్టిగా రాయి.”

గట్టిగా రాయడం ఆవిడకూ ఇష్టంగానే ఉంది. కానీ ఫోనులో బాణం గుర్తు మీద వేలు తగిలితే చాలు, మాట అవతలికి వెళ్ళిపోతుందని ఆవిడకు భయం. ఏ బట్టనైనా ముందు కచ్చాకుట్టు వేసి చూసుకున్నాకే మిషను కింద పెట్టే మనిషి. అందుకని బట్టల కొలతలు గీసే అట్టకాగితం పరిచి, సుద్దముక్కతో మొదలుపెట్టింది.

“కుట్టు నాకు నేర్పొద్దు. నీకే తెలియదు. అది పోయిన మా ఆయన చొక్కా. నీ ఇంట్లో ఎవరైనా పోతే తెలుస్తుంది.”

కాజాలాయన తొంగిచూసి “అబ్బ! దెబ్బకు నోరు మూస్తాడు” అన్నాడు.

ఆ మాటకే ఆవిడ సుద్ద ఆగింది. నోరు మూయించడానికా, ఆదివారమంతా కూర్చుని రాసింది?

“మూస్తే నాకేం ఒరుగుతుంది తమ్ముడూ? నా పోస్టు కింద ఉన్నదే ఒక్క నోరు.”

“అంటే వాడు తిట్టాడని మురిసిపోతావా?”

“తిట్టినదాన్ని వదిలెయ్. బక్రం సంగతి చెప్పాడు, అది నిజమే కదా.”

కాజాలాయన గొణిగాడు. “నిజమే అనుకో. అతికించిన బక్రం తిప్పితే బుడగలొస్తాయి. కానీ నీది ఆ రకం కాదుగా.”

కాదు. మొగుడివన్నీ బక్రం విడిగా పెట్టి కుట్టిన పాతకాలపు చొక్కాలు. రాసేటప్పుడు కళ్ళ ముందు ఆ ఒక్క చొక్కాయే ఉంది. లోకంలో చొక్కాలన్నీ అదేనన్నట్టు రాసేసింది. చదివి ఎవరైనా కొత్త చొక్కా విప్పుకుంటే పాడు చేసుకునేవాళ్ళే.

అరచేత్తో ‘నీకే తెలియదు’ తుడిచింది. ‘నేర్పొద్దు’ తుడిచింది. ‘పోయిన మా ఆయన’ దగ్గర చేయి ఆడలేదు.

“అది ఉండనీ అక్కా. అది చదివి సిగ్గుపడతాడు” అన్నాడు కాజాలాయన.

“సిగ్గుపడి?”

“అయ్యో పాపం, క్షమించండి అంటాడు.”

“అని వెళ్ళిపోతాడు.”

ఆవిడకు ఆ ‘అయ్యో పాపం’ బాగా తెలుసు. మొగుడు పోయిన కొత్తలో ఇల్లు పట్టనంతమంది వచ్చి అదే మాట అన్నారు. ఆ మాట తర్వాత ఇంకేం మాట్లాడాలో ఎవరికీ తోచదు. ఒక్కొక్కరూ చెప్పులు వెతుక్కుంటారు. చావును ముందు పెడితే ఎదుటివాళ్ళు కాదనలేరు, అవుననలేరు, అడగలేరు. అది తలుపు వేసి గడియ పెట్టినట్టే.

ఆ మాటనూ, మిగిలినదాన్నీ తుడిచింది. అరచేయంతా తెల్లగా అయింది. చొక్కాకు సమాధానం చెప్పకుండా, కాలరుకు మాత్రమే చెప్పింది. ‘పారేయక’ అన్నదాన్ని అసలు ముట్టుకోలేదు. చివర ఒక ప్రశ్న పెట్టింది, ఉత్త మర్యాదకు కాదు, నిజంగానే తనకు తెలియనిది.

“మీరు చెప్పింది నిజం. అతికించిన బక్రం ఉన్న కాలర్ తిప్పితే బుడగలు వస్తాయి. నేను చూపించింది బక్రం విడిగా ఉన్న పాత చొక్కా. ఆ ముక్క రాయలేదు, ఇప్పుడు పోస్టులో కలుపుతాను. అతికించిన కాలర్ అరిగితే మీరు ఎలా బాగుచేస్తారు?”

పైకి చదివించుకుంది. కాజాలాయన గొంతులో అది పరాయి మాటలా, నిమ్మళంగా వినిపించింది. “చప్పగా ఉంది” అన్నాడాయన. “ఉప్పు వాళ్ళు వేసుకుంటారులే” అని, ఒక్కో అక్షరమే ఫోనులో కొట్టి బాణం నొక్కింది. పోస్టులో కూడా ఆ ముక్క చేర్చింది.

సాయంత్రం వరకు ఏమీ రాలేదు. ఇంటికి వెళ్ళి ఒక కంచం కడిగింది, ఒక గ్లాసు కడిగింది. ఫోను బోర్లా పెట్టింది, మళ్ళీ తిప్పి చూసింది. ఏమీ లేదు. తుడిచేసిన మాటలే నయమేమో, కనీసం అయ్యో పాపమైనా వచ్చేది అనిపించింది.

మర్నాడు మిషను ముందు కూర్చోగానే ఫోను మోగింది. పాత మిషను.

“నిన్న కటువుగా రాశాను. మీ పోస్టు చూసి ఒకామె కొత్త చొక్కా విప్పి తెచ్చింది, ఆ కోపం. నేను అతికించినవి తిప్పను. చొక్కా కింది అంచు మడతలోంచి గుడ్డ తీసి కొత్త పై ముక్క వేస్తాను. చొక్కా రెండు వేళ్ళు పొట్టి అవుతుంది. మీరు విప్పేటప్పుడు కాలర్ నడుమ గుర్తు ఎలా పెడతారు?”

సూదత్తయ్య రెండుసార్లు చదివింది. తన పోస్టు వల్ల నిజంగానే ఒక చొక్కా పాడైంది! మొహం వేడెక్కింది. ముందు ఆ సంగతికి మన్నించమని రాసి, తర్వాత రంగు దారంతో ఒక టాకా వేస్తానని రాసింది. సుద్ద అయితే చెరిగిపోతుందని ఇంకెవరో అన్నారు. చిన్న గాటు పెడతానని మరొకరు. గాటు పెడితే గుడ్డ పిగులుతుందని పాత మిషను తగవు పెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి ఆ పోస్టు కింద సంతలా ఉంది. కాజాలాయన కూడా బొత్తాల గురించి రాయమని వెంటపడ్డాడు.

ఆ సందడిలో పాత మిషనే అడిగాడు. “పూర్తయ్యాక తొడుక్కున్న ఫోటో ఒకటి పెట్టండి. మెడ మీద ఎలా కూర్చుందో చూడాలి.”

సూదత్తయ్య ఆ మాటను మళ్ళీ చదివింది. ఈసారి చొక్కా గురించి వాళ్ళే అడిగారు. అట్టకాగితం తీయలేదు.

“తొడుక్కునే మనిషి ఇప్పుడు లేడు. కొక్కేనికి తగిలించి తీస్తాను” అని రాసి, బాణం నొక్కి, ఇక వెళ్ళిపోతారులే అనుకుని ఫోను పక్కన పెట్టింది.

దారపుకండె మార్చేలోగా మోగింది.

“సరేనండి. తువ్వాలు చుట్టి కాలరులో పెట్టండి, మెడలా నిలబడుతుంది. మా ఆవిడ ఉన్నప్పటి జాకెట్లకు నేను అలాగే చేస్తాను.”

ఆవిడ ఇంటికి వెళ్ళి తువ్వాలు వెతికింది.

— సూదత్తయ్య, అరవై నాలుగేళ్ళు. ఉండేది కుట్టు దుకాణం వెనక సందులో, మేడమీద ఒంటిగది.