నమస్కారం చెప్పని అమ్మాయి

గ్యాస్ కంపెనీ కాల్‌సెంటర్‌లో సూపర్‌వైజర్ కొత్తమ్మాయి మాట్లాడిన ఒక కాల్ రికార్డింగ్ వినిపించి, ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు.

"నమస్కారం లేదు, పేరు లేదు, 'ఏం సాయం కావాలి' అని అడగలేదు. మార్కులు సున్నా!"

ఆ మహానుభావుడి చెవికి అవతలి మనిషి కేక సోకనే లేదని ఆమెకు అసహ్యం వేసింది.

"సరైన చోటికే ఫోన్ చేశామని అవతలివాళ్ళకు తెలియడానికి నమస్కారం, ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడానికి పేరు, సంగతి చెప్పించడానికి ప్రశ్న. నేను ఎత్తీ ఎత్తగానే ఆవిడ 'గ్యాస్ వాసనొస్తోంది' అని అరిచింది సార్! స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వెళ్ళమన్నాను."

"రూలంటే రూలే!"

చెవిటివాడి ముందు శంఖం ఊదానే అనుకుంటూ ఆమె సీటులో కూర్చుంది. తరువాతి కాల్‌లో ఎవరో, సరైన చోటికే చేశారో లేదో తెలియక, బెరుగ్గా నసుగుతున్నారు.

"నమస్కారమండీ," అంది మెత్తగా.