సర్క్యులర్ తోక

యూనివర్సిటీ పరిపాలనా భవనంలో మెట్ల కింద ఒకప్పుడు చీపుళ్లు దాచుకునే గది ఉండేది. ఇప్పుడు అందులో అనువాద విభాగాన్ని దాచారు. విభాగం అంటే ఏదో ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, ఆ కుర్చీకి అతుక్కుపోయిన ఒక మనిషి. ఆయన్ని అందరూ తర్జుమాగారు అంటారు. పైనుంచి ఇంగ్లీషులో దిగిన ప్రతి కాగితమూ ఈయన చేతుల మీదుగా తెలుగై, నోటీసు బోర్డులకెక్కుతుంది. మెట్ల మీద ఎవరు నడిచినా ఆయన నెత్తి మీద నడిచినట్టే ఉంటుంది. అధికారులు నెత్తికెక్కడమంటే ఏమిటో తనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదని నవ్వేవాడు.

మాటల్ని విరిచి అతికించడం ఆయనకి అలవాటు. అనువాదంలో వాదం ఉంది కానీ వాదించే అధికారం లేదు, పై వాళ్లకి అనువుగా ఉన్నంతవరకే అది అనువాదం అనేవాడు. మన యూనివర్సిటీకి శాఖలెక్కువ, కాపు తక్కువ అనేవాడు. నవ్వినవాళ్లు నవ్వేవారు, నవ్వనివాళ్లకి ఇంకోసారి చెప్పేవాడు.

ఆ ఏడు ఒక సదస్సుకి పత్రాలు పంపమని ఆహ్వానం వచ్చింది. గ్రంథాలయాలు, పాత పుస్తకాల సంరక్షణ దాని విషయం. ఇంగ్లీషులో సంగ్రహం ఉంటే చాలు, పత్రం తెలుగులో రాసినా తీసుకుంటామన్నారు. అందుకే దాన్ని తెలుగు చేసి సిబ్బంది అందరికీ తిప్పమని పైనుంచి ఆదేశం.

తర్జుమాగారు ఆ కాగితాన్ని మామూలు కాగితంలా చూడలేదు. కారణం ఆయన చెల్లెలు. లైబ్రరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, స్కూలుకెళ్లే కూతురు, వాళ్లిద్దరికీ కలిపి ఈమె ఒక్క జీతం. ఏటా కాగితం మీద కాగితం పెట్టి కాంట్రాక్టు పొడిగించేవారు. ఈసారి కొత్త నిబంధన పెట్టారు. ఏదో ఒక సదస్సులో కనీసం ఒక పత్రం అంగీకారం పొందితేనే పొడిగింపు, లేకపోతే సెలవు. ఆమె దగ్గర పత్రానికి సరుకుంది. పురుగు తిన్న పుస్తకాన్ని కుట్టు విప్పకుండా, పేజీ పేజీకీ పల్చటి కాగితం వేసి అతికించే పద్ధతి ఒకటి ఏళ్ల తరబడి చేసి చేసి పట్టుకుంది. రాయడమే మిగిలింది.

అందుకని ఆయన ఆ ఆహ్వానాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని తెలుగు చేశాడు. పత్రం ఎన్ని పేజీలుండాలి, ఆధార గ్రంథాల పట్టిక ఆ లెక్కలోకి వస్తుందా రాదా, మెయిల్లో పంపితే ఎందుకు చెల్లదు, వెబ్‌సైటులో ఎక్కడ ఎక్కించాలి, అన్నీ విడమరిచాడు. గడువు దగ్గర మరీ ఆగాడు. గడువుకీ గొడవకీ దగ్గరి చుట్టరికం కదా. భూమ్మీద ఏ మూలనైనా ఆ తేదీ మిగిలి ఉన్నంతసేపూ గడువున్నట్టే అని ఇంగ్లీషులో ఉంది. దాన్ని మన గడియారానికి మార్చి, మర్నాడు సాయంత్రం దాకా పంపొచ్చని బ్రాకెట్లో రాశాడు. పత్రం ఎవరు రాశారో పరిశీలకులకీ, పరిశీలించేది ఎవరో రాసినవాళ్లకీ తెలియకూడదన్న నిబంధన వచ్చింది. ఇంగ్లీషులో దాన్ని రెండువైపులా గుడ్డి అన్నట్టు రాశారు. మన ఆఫీసులో ఫైళ్లు చూసే పద్ధతి కూడా అదేనని టైపిస్టుతో అని, 'ఇరువైపులా పేర్లు దాచిన పరిశీలన' అని శుభ్రంగా రాశాడు. పత్రంలో ఎక్కడా రచయిత పేరుగాని, సంస్థ పేరుగాని ఉండరాదు, అంగీకారం వచ్చాక ఇచ్చే తుది ప్రతిలో మాత్రమే చేర్చాలి, అలా చేయనివి పరిశీలనకు పంపకుండానే తిరస్కరిస్తారు. ఇదీ ఏడో అంశం. ఒక్క పొల్లు పోలేదు.

పోయిందల్లా దాని కిందే.

ఆ ఆఫీసులో సర్క్యులర్ పుట్టే పద్ధతి ఒకటుంది. టైపిస్టు పాత సర్క్యులర్ తెరిచి, నడుమ ఉన్నది చెరిపి, కొత్తది అతికిస్తుంది. తల, తోక అలాగే ఉంటాయి. తల అంటే యూనివర్సిటీ పేరు. తోక ఏమిటంటే: 'పంపు ప్రతి కాగితముపై పేరు, హోదా, శాఖ స్పష్టముగా వ్రాయవలెను. లేనియెడల పరిగణించబడదు.' ఎప్పుడో ఎవరో పేరు రాయకుండా సెలవు చీటీ ఇచ్చిన పుణ్యానికి పుట్టిన వాక్యం అది. ఆ తర్వాత పరీక్షలకీ, బదిలీలకీ, టీకాలకీ, మరుగుదొడ్ల మరమ్మతుకీ అదే తోక. దాన్ని ఎవరూ చదవరు, అందుకే ఎవరూ తియ్యరు.

అచ్చయిన ప్రతి తర్జుమాగారి దగ్గరికి చిన్న సంతకానికి వచ్చింది. ఏడో అంశం దాకా రెండుసార్లు చదివాడు. తన రాత అయిపోయిన చోట ఆయన చూపు కూడా ఆగిపోయింది. తోక పక్కనే చిన్న సంతకం పెట్టాడు. దాని మీద సూపరింటెండెంటు పెద్ద సంతకం పెట్టాడు.

గడువుకి ముందురోజు మధ్యాహ్నం ఆయన క్యాంటీన్లో తోటివాళ్ల మధ్య కూర్చుని మాటల గారడీ చేస్తుండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పేరు రాయాలా, వద్దా? ఏడో దాంట్లో వద్దనుంది, కింద రాయమనుంది."

ఆయన చేతిలో టీ ఉంది, చుట్టూ జనం ఉన్నారు. ఇంగ్లీషు ప్రతి మెట్ల కింద ఫైల్లో ఉంది. లేచి వెళ్లి చూడొచ్చు. కానీ ఇన్నేళ్ల నౌకరీ ఆయనకి ఒక్కటి నేర్పింది. పైన ఏం రాసినా ఆఫీసు కింద రాసిందే చెల్లుతుంది.

"రాసెయ్ బుజ్జీ. పేరు లేని కాగితాన్ని ఈ యూనివర్సిటీలో ఎవడూ ముట్టుకోడు. పేపరులో నడుమ అక్షరం తీసి చూడు, మిగిలేది పేరే."

టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. ఫోన్లో ఆమె కూడా నవ్వింది. అడిగి మంచిపని చేశానంది. తోక అడిగినట్టే ప్రతి పేజీ మీదా పేరు, హోదా, శాఖ పెట్టి పంపేసింది.

జవాబు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. చదివితే కదా ఆలస్యమవడానికి. మెయిలు నమస్కారంతో మొదలై తిరస్కారంతో ముగిసింది. రచయిత వివరాలు కనిపిస్తున్నందున పరిశీలనకు పంపడం లేదని రెండు ముక్కలు రాశారు. ఆమెకే కాదు, ఆ సర్క్యులర్ చూసి పంపిన లెక్చరర్లందరికీ అక్షరం తేడా లేకుండా అదే మెయిలు. కాకపోతే లెక్చరర్లవి పర్మనెంటు ఉద్యోగాలు. వాళ్లకి పోయింది పత్రం. ఆమెకి పత్రంతో పోలేదు.

తర్జుమాగారు ఆరోజు ఇంగ్లీషు ప్రతినీ తెలుగు ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఏడో అంశం ఎంత బాగా వచ్చిందో చూసుకున్నాడు. ఆ తర్వాత తోక చదివాడు. బహుశా జీవితంలో మొదటిసారి. దాని పక్కన తన చిన్న సంతకం చీమలా కూర్చుని ఉంది.

సదస్సు వాళ్లకి రాశాడు. తప్పు మా కార్యాలయానిది, పేర్లు తీసేసి మళ్లీ పంపనివ్వండి అని బతిమాలాడు. మర్యాదగానే జవాబిచ్చారు. గడువు దాటాక ఎవరికీ అవకాశం ఇవ్వలేదు, మీకు విచారం తెలుపుతున్నాం అన్నారు. విచారాన్ని తెలుగు చెయ్యమని ఎవరూ అడగలేదు.

మిగిలిన దారి ఒక్కటే. కార్యాలయం పొరపాటు వల్లే పత్రం తిరస్కరణకు గురైందని రాతపూర్వకంగా ఇస్తే పొడిగింపు కమిటీ కనికరించొచ్చు. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడు కాదు, రిటైరవ్వబోతున్నవాడు. ముందు తోకని పైకీ కిందకీ చూశాడు. ఈ వాక్యం తనకి ముందున్న సూపరింటెండెంటు నాటిదని, దీన్ని తప్పంటే ఇన్నేళ్ల సర్క్యులర్లన్నీ తప్పవుతాయని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"కార్యాలయం తప్పని రాయలేనయ్యా. అనువాదం తప్పని రాయమంటే సంతకం పెడతా. ఆపైన నిన్ను ఆ కుర్చీలో ఉంచడం నా చేతుల్లో ఉండదు."

"అనువాదంలో తప్పు లేదు సార్."

"తెలుసు. నీ చిన్న సంతకం మాత్రం ఉందిగా."

హోదా ఉన్నవాడు మాట్లాడితే ఆదేశం, లేనివాడు మాట్లాడితే సోది అని ఇంకో రోజైతే అనేవాడు. ఆరోజు కాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి రాశాడు. అనువాదంలో దొర్లిన దోషం వల్ల సిబ్బంది తప్పుదారి పట్టారని, దానికి పూర్తి బాధ్యత తనదేనని. ఇన్నేళ్లలో ఎవరి మాటలనూ తెలుగు చెయ్యకుండా ఆయన సొంతంగా రాసిన మొదటి ఆఫీసు కాగితం అదే. అదీ అబద్ధం. పూర్తిగా అబద్ధమూ కాదు, టీ గ్లాసు పట్టుకుని చెప్పిన ఆ ఒక్క మాట అందులో ఎక్కడా లేదు గానీ.

కమిటీ కూర్చుంది. గది బయట బెంచీ మీద అన్నాచెల్లెళ్లు కూడా కూర్చున్నారు. లోపల ఆ ఉత్తరం చదివారనీ, పాపం అనుకున్నారనీ, ఒకాయన పత్రం కూడా తిరగేసి పుస్తకాల అతుకు పద్ధతి బాగుందన్నాడనీ తర్వాత తెలిసింది. కానీ నిబంధనలో అంగీకారం అని ఉంది. అంగీకారం ఎందుకు రాలేదన్న దానికి నిబంధనలో చోటు లేదు. తలుపు తెరిచి ప్యూను ఆమె చేతిలో ఒక కవరు పెట్టి, చూపు తిప్పుకుని వెళ్లాడు.

ఆమె అప్పుడే చింపలేదు. "నీ సంగతేంటి అన్నయ్యా?" అంది.

"నన్ను స్టోర్సుకి మార్చారు. చీపుళ్లు లెక్కపెట్టాలి."

మామూలుగా అయితే చీపుళ్ల గదిలోంచి చీపుళ్ల దగ్గరికే పోతున్నానని ఆయనే అనేవాడు. ఆమె ఎదురుచూసింది కూడా. ఆయన అనలేదు.

"నువ్వు ఆ ఉత్తరం రాయాల్సింది కాదు," అంది ఆమె. "ఏడో అంశం నేనూ చదివాను. అర్థమైంది కూడా. నువ్వు చెప్పావని రాసేశాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. తను ఫైలు తెరవలేదని చెప్పాలనుకున్నాడు. క్యాంటీన్లో ఉన్నానని, పక్కన నలుగురున్నారని, ఆ నలుగురి నవ్వు కోసం తొందరపడ్డానని చెప్పాలనుకున్నాడు. ఈలోగా ఆమె కవరు చింపింది.

కవర్లో రెండు కాగితాలున్నాయి. ఒకటి కాంట్రాక్టు ముగిసిందన్న ఉత్తర్వు. రెండోది లైబ్రరీ తాళాలు, సామాన్లు అప్పగించినట్టు నింపి ఇవ్వాల్సిన ఫారం. ఆమె బెంచీ మీదే దాన్ని మోకాలి మీద పెట్టుకుని, అన్న జేబులోంచి పెన్ను తీసుకుని నింపడం మొదలుపెట్టింది. అత్తగారికి మందిచ్చే వేళ దాటుతోంది, మళ్లీ రాకుండా పని ముగించుకుంటానంది. తాళాలు, కత్తెర, జిగురు డబ్బా, కుట్టు సూదులు, ఒక్కొక్కటీ రాసి టిక్కు పెట్టింది.

చిట్టచివర తోక ఉంది. పేరు, హోదా, శాఖ స్పష్టముగా వ్రాయవలెను. లేనియెడల పరిగణించబడదు.

ఆమె పేరు రాసింది. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఇక్కడేం రాయాలన్నయ్యా?"

మాటలమ్ముకుని బతికిన మనిషి ఆ కాగితాన్ని తీసుకుని, తోకని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. ఆమె చెయ్యి చాచి ఎదురుచూస్తూనే ఉంది.