శౌరమ్మ కళ్ళలో పసుపు

తిరుపతిరావుగారు కౌంటర్ మీద పెట్టిన పసుపు క్యాప్సూల్స్ సీసాను స్టెల్లా బిల్లు మిషన్ వైపు తీసుకుంది. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో చేసి రిటైరైన మనిషి. నెలకోసారి గవర్నరుపేటలోని ఆ మెడికల్ షాపుకు వస్తారు.

"రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారాండీ? పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఎప్పుడైనా స్కానింగ్‌లో చెప్పారా?" అని అలవాటుగా అడిగింది.

"రాళ్ళా? అవి ఉంటే ఏమవుద్దమ్మా?"

"ఉంటే ఇవి వాడకూడదండీ."

ఆ మాట నోట్లోంచి వచ్చాక స్టెల్లా చెయ్యి ఆగిపోయింది. సరిగ్గా ఇలాంటి సీసానే పద్దెనిమిది రోజుల క్రితం ఇంటికి తీసుకెళ్ళింది. అత్త శౌరమ్మ చేతిలో పెట్టింది. అప్పుడు ఏమీ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే జవాబు తనకు ముందే తెలుసు. ఎండాకాలంలో చర్చి దగ్గర పెట్టిన వైద్య శిబిరంలో శౌరమ్మకు స్కాన్ తీయించింది తనే. పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్ళు ఉన్నాయన్నారు. నొప్పి లేదు కాబట్టి కదిలించొద్దు, నొప్పొస్తే మాత్రం ఆగొద్దు అన్నారు. ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టింది కూడా తనే.

శౌరమ్మ దుగ్గిరాలలో పసుపు గోడౌన్‌లో కొమ్ములు ఏరే మనిషి. ముప్పై ఏళ్ళుగా రోజూ పడుకునే ముందు గేదెపాలలో అరచెంచా పసుపు, నాలుగు మిరియాలు దంచి వేసుకుని తాగుతుంది. జలుబుకు అదే, మోకాళ్ళకు అదే, నిద్రకు అదే. మోకాళ్ళు మరీ పట్టేస్తున్నాయని ఈ మధ్య మాత్రల సంగతెత్తింది. పాలలోదే కదా అని స్టెల్లా తెచ్చిచ్చింది.

వారం రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. గ్యాస్ అంటోంది.

స్టెల్లా ఫోన్ తీసింది. తిరుపతిరావుగారిని చూసుకోమని పక్క కౌంటర్ అమ్మాయికి సైగ చేసి వెనక గదిలోకి నడిచింది.

"అత్తయ్యా, నొప్పి ఎక్కడుంది?"

"నొప్పేంటి, గ్యాసే. కుడి డొక్కలో మొదలై వీపు మీదికి పాకుతోంది. రాత్రి పాలు తాగాక ఎక్కువైందని ఇంకాస్త పసుపేసి మళ్ళీ తాగాను."

"మాత్రలు?"

"రెండేసి మింగుతున్నా. ఒకటి పనిచెయ్యట్లేదుగా."

"ఒంటేలు ఎలా అవుతోంది?"

"పసుపు తాగేదానికి పసుపే అవుద్ది. డికాషన్‌లా ఉంది. పొద్దున్నుంచి చలి కూడా. ఎండలో కూర్చున్నా ఒణుకు తగ్గట్లేదమ్మాయ్."

స్టెల్లా భర్త జోయెల్ ట్రాలీ ఆటోలో లోడు వేసుకుని హనుమాన్ జంక్షన్ అవతల ఉన్నాడు. తను రైలెక్కి దుగ్గిరాల చేరేసరికి ఎంత లేదన్నా గంటన్నర.

"మీ పక్కన ఎవరున్నారు? ఫోనివ్వండి."

కనకలక్ష్మి తీసుకుంది. శౌరమ్మతో పాతికేళ్ళుగా అదే గోనెపట్టా మీద కూర్చుని పసుపు ఏరే మనిషి.

"పిన్నీ, మా అత్తయ్య ఒంటిరంగు ఎలా ఉంది?"

"ఎలా ఉంటదే? పచ్చగుంది. నేనూ పచ్చగానే ఉన్నా. ఇక్కడ గోడలు కూడా పచ్చగానే ఉన్నాయి."

అదే స్టెల్లా భయం. ఆ గోడౌన్‌లో ఎవరికి కామెర్లు వచ్చినా ఎవరికీ కనపడదు. సబ్బుతో రుద్దినా ఆ చేతుల రంగు పోదు.

"చెయ్యి కడుక్కుని మా అత్తయ్యని వెలుతుర్లోకి తీసుకురా. కింది రెప్ప లాగి కంటి తెల్లగుడ్డు చూడు. పసుపు దుమ్ము కన్ను ఎర్రజేస్తదేగానీ పచ్చజెయ్యదు."

అటువైపు అడుగుల చప్పుడు, షట్టర్ ఎత్తిన చప్పుడు.

"స్టెల్లా," అంది కనకలక్ష్మి. గొంతు మారిపోయింది. "తెలుపు లేదే."

స్టెల్లా వెంటనే బయల్దేరమనడంతో గోడౌన్ యజమాని కారులో శౌరమ్మను బెజవాడ తీసుకొచ్చారు. హాస్పిటల్ గేటు దగ్గర దించేసరికి ఒళ్ళు కాలిపోతోంది. పేరడిగితే శౌరమ్మ తన తల్లి పేరు చెప్పింది. అప్పటికే గేటు దగ్గర ఎదురుచూస్తున్న స్టెల్లా ఆ చేతిని వదలకుండా స్ట్రెచర్ వెంట లోపలిదాకా నడిచింది.

మధ్యాహ్నానికి జోయెల్ వచ్చాడు. డాక్టర్ డయానా స్కాన్ పట్టుకుని బయటికి వచ్చింది.

"రాయి పిత్తాశయంలోంచి జారి పైత్యనాళంలో అడ్డం పడింది. పైన చీము పడుతోంది. నోట్లోంచి గొట్టం పంపి తీస్తాం, ఇప్పుడే. సాయంత్రం దాకా ఆగుంటే నేను మీకేం చెప్పగలిగేదాన్ని కాదు. ఆమె ఏం మందులు వాడుతున్నారు?"

"మందులేం లేవండీ," అన్నాడు జోయెల్. "రాత్రిళ్ళు పసుపు పాలు, అంతే."

స్టెల్లా నోరు విప్పకపోతే అక్కడితో అయిపోయేది. ఇంట్లో ఆ సీసా ఎవరిచ్చారో జోయెల్‌కు తెలియదు. బ్యాగులోంచి వస్తూ షాపు నుంచి తెచ్చిన అలాంటి సీసానే తీసి డాక్టర్ ముందు పెట్టింది.

"ఇవి కూడా. రోజుకు రెండు. నేనే ఇచ్చాను. రాళ్ళున్నాయని తెలిసే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు గుర్తు తెచ్చుకోలేదు."

జోయెల్ ఆమె వైపు చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

డాక్టర్ డయానా లేబుల్ చదివింది. "అరచెంచా పసుపులో కర్క్యుమిన్, అంటే దాని సారం, నలభై, యాభై మిల్లీగ్రాములు ఉంటుందేమో. అందులోనూ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాళ్ళు బాగుచేసేంత మందు ఆ పాలలో లేదు. కానీ ఆ కాస్తకే పిత్తాశయం ముడుచుకుంటుంది. చిక్కటి పాలలో వెన్న కూడా ఆ పనే చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఫర్వాలేదు. లోపల రాళ్ళుంటే అలా ముడుచుకున్నప్పుడు అది రాయిని నాళంలోకి నెట్టొచ్చు. ఈ క్యాప్సూల్‌లో ఒక్కోదాంట్లో ఐదువందలు, పైగా ఒంటికి ఎక్కువ పట్టడానికి మిరియాల సారం."

"అయితే నా వల్లేనా, డాక్టర్?"

"చెప్పలేను. రాయి దానంతటదే జారిపోవచ్చు, చాలామందికి అలాగే అవుతుంది. కానీ నేనైతే ఇచ్చేదాన్ని కాదు." ఆమె సీసా వెనక్కి ఇచ్చింది. "మీరు చెప్పడం మంచిదైంది. వీటితో లివర్ దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు, అదీ చూస్తాం."

రాయి బయటికొచ్చింది. శనగగింజంత. మూడో రోజుకు జ్వరం దిగింది. పిత్తాశయం తీసే ఆపరేషన్‌కు తర్వాత రమ్మన్నారు.

స్టెల్లా మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. శౌరమ్మ ఆసాంతం విన్నది. ఆమె కళ్ళలో ఇంకా కాస్త పసుపు ఉంది.

"నువ్వు ఒకటన్నావు. నేను రెండు మింగాను. నీ ఒక్కదాని మీదే ఎందుకేసుకుంటావు?" ఆమె స్టెల్లా చెయ్యి పట్టుకుంది. "అసలు సంగతి అది కాదమ్మాయ్. గోడౌన్‌లో అందరికీ పంచాను. మా కోడలు తెచ్చింది, మంచి మందని."

స్టెల్లా లేచి నిలబడింది.

దుగ్గిరాల చేరేసరికి గోడౌన్‌లో అన్నాల వేళ. తొమ్మిదిమంది ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. అందరి చేతులూ ఒకే రంగు. స్టెల్లా వాళ్ళ మధ్య గోనెపట్టా మీద కూర్చుని, షాపులో అడిగినట్టే ఒక్కొక్కరినీ అడిగింది. నొప్పులు, మాత్రలు, స్కాన్లు.

కనకలక్ష్మి వంతు చివర్లో వచ్చింది. ఆమె కొంగు ముడి విప్పింది. అందులో ఆరు క్యాప్సూల్స్ ఉన్నాయి.

"పోయినేడు గుంటూర్లో చూశారే. నాక్కూడా రాయుందన్నారు."

స్టెల్లా వాటిని తీసుకుని, ఆమె ముఖాన్ని షట్టర్ కింద నుంచి పడుతున్న వెలుతురు వైపు తిప్పింది. కింది రెప్ప నెమ్మదిగా లాగింది.

తెల్లగా ఉంది.