కోయాల్సింది తాడు

గడ్డిమోపు దగ్గర ఆవు ఒక్కసారిగా ఎగిరిపడి తల విదిలించింది. ఆమె పాల తపేలా వదిలేసి పరుగెత్తేసరికి మోపు కిందికి పాము తోక జారిపోతోంది. ఆవు మూతి మీద రెండు చుక్కలు, సన్నగా నెత్తురు. ఆ ఇంటికున్న పాడి అదొక్కటే, పైగా ఐదో నెల చూలు. ఆమె వెంటనే ఫోన్ తీసి పశువుల డాక్టరమ్మకు కలిపింది.

అన్న అప్పుడే తాడూ బ్లేడూ పట్టుకొచ్చాడు. ఆయనకు తెలియని వైద్యం లేదు, ఆయన చేతిలో బాగుపడ్డ రోగీ లేడు. పోయినేడు మేక కాలికి కాటు పడితే పైన బిగించి కట్టాడు. కట్టు కింద కాలు నల్లబడి కుళ్లిపోయింది, మూడో రోజుకు మేక పోయింది. నింద మొత్తం పాము మీద వేసి ఈయన చేతులు దులుపుకున్నాడు.

"మూతికి కట్టు కుదరదుగానీ గాటు పెడితే విషం కారిపోతుంది. తల పట్టుకో."

"ఆగన్నయ్యా, డాక్టరమ్మ లైన్లో ఉంది!"

ఫోన్లో పశువుల డాక్టరమ్మ గొంతు ఖంగుమంది. "కోయొద్దు! విషం ఎప్పుడో లోపలికి పోయింది, కోస్తే కారేది ప్రాణం పోసే రక్తమే. నడిపించొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు, నీడలో కదలకుండా ఉంచండి. అరగంటలో వస్తా."

"అరగంటసేపు చేతులు కట్టుకు కూర్చోమంటావా?" అన్న గుడ్లురిమాడు.

చూస్తుండగానే మూతి ఉబ్బింది. చొంగ కారుతోంది, ఊపిరి ఈలలా వస్తోంది. అన్న బ్లేడు ఎత్తాడు. కాదంటే ఆవు పోతే పాపం తనదే, ఔనంటే డాక్టరమ్మ మాట దాటినట్టు. ఏం చెయ్యాలో తోచక ఆమె దగ్గరికి వంగి చూసింది. ఆవును పట్టుకోడానికి మూతి చుట్టూ ఎప్పుడూ వేసి ఉంచే తాడు వాపులో కూరుకుపోయి కనబడకుండా పోయింది. ఎవరూ కట్టనక్కర్లేకుండానే అక్కడ కట్టు ఉంది!

ఆమె బ్లేడు లాక్కుంది.

"కోస్తానన్నయ్యా. తోలు కాదు, తాడు. నువ్వు తల కదలనివ్వకు."

తాడు కిందికి రెండు వేళ్లు బలవంతాన దూర్చి, బ్లేడు అంచు బయటికి తిప్పి కోసింది. తాడు ఫట్టున తెగింది. ఆవు ముక్కుల్లోంచి వేడి గాలి బుస్సున ఆమె మొహానికి కొట్టింది. ఆమెకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ వచ్చీ రాగానే గాజు గొట్టంలో కాస్త నెత్తురు తీసి గట్టు మీద నిలబెట్టింది. ఇరవై నిమిషాలు దాన్నెవరూ ముట్టుకోకూడదంది. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టాల్సిన నెత్తురు నీళ్లలా జారింది.

"విషం చేసిన పనిది. గాటు పెట్టుంటే ఆ నెత్తురు ఆపడం నా వల్ల కూడా అయ్యేది కాదు."

అన్న మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ ఆవు మెడనరంలోంచి విషానికి విరుగుడు ఎక్కించి, వెళ్తూ చెప్పింది. "గండం గడవలేదు. మూత్రం ఎర్రగా వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి."

మధ్యాహ్నమంతా అన్న ఆవు వెనకే గొంతుక్కూర్చున్నాడు. తినమంటే తినలేదు. పొద్దు వాలుతుండగా ఆవు తోకెత్తింది. గిన్నె కోసం వెతికే ఓపిక లేక దోసిలి పట్టేశాడు.

"పచ్చగానే ఉందే చెల్లీ!" అని అరిచాడు.